రూలు తప్పాడు సరే, దెబ్బ దానివల్లే తగిలిందా?

2017 జనవరి 7న కోయంబత్తూరులో హైవే మీద వెళుతున్న ఒక కారు ఉన్నట్టుండి ఆగింది. దాని వెనకే మోటారు సైకిల్ మీద వస్తున్న ఇంజినీరింగ్ విద్యార్థి కారును ఢీకొట్టి రోడ్డు మీద పడ్డాడు. అతని వెనక వస్తున్న బస్సు కాలి మీదుగా పోయింది. ఎడమ కాలు తీసేయాల్సి వచ్చింది. బ్రేకు ఎందుకు వేశావంటే కారాయన చెప్పిన జవాబు, గర్భిణి అయిన తన భార్యకు వాంతి వచ్చేలా ఉండటంతో ఆపాననే.

ఇందులో తప్పెవరిదన్న ప్రశ్న మూడు కోర్టులు తిరిగింది. మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునల్ కారును పూర్తిగా వదిలేసింది. 80 శాతం తప్పు బస్సుది, 20 శాతం కుర్రాడిది అంది. మద్రాసు హైకోర్టు లెక్క మార్చింది. కారుకు 40, బస్సుకు 30, కుర్రాడికి 30 అని పంచింది. చివరికి 2025 జూలై 29న సుప్రీంకోర్టు కారుకు 50, బస్సుకు 30, కుర్రాడికి 20 శాతం అని తేల్చింది. పరిహారాన్ని దాదాపు కోటీ 14 లక్షలుగా లెక్కగట్టి, అతని వంతు కింద అయిదో భాగం తీసేసి, సుమారు 91 లక్షల 39 వేలు బస్సు, కారు బీమా కంపెనీలు వాటాల ప్రకారం చెల్లించాలని ఆదేశించింది.

ప్రమాదం ఒకటే, సాక్ష్యం ఒకటే. అయినా ఒక కోర్టులో సున్నా బాధ్యత ఉన్న కారు ఇంకో కోర్టులో సగం బాధ్యత మోసింది. ఇలా ఎందుకవుతుందో తెలియాలంటే టార్ట్ చట్టంలో నిర్లక్ష్యాన్ని ఎలా నిరూపిస్తారో చూడాలి. అందుకు ఈ కేసును మించిన ఉదాహరణ దొరకడం కష్టం.

ముందుగా ఒక తేడా. రోడ్డు ప్రమాదం జరగగానే పోలీసులు పెట్టే కేసు క్రిమినల్ కేసు. అందులో ప్రశ్న డ్రైవరుకు శిక్ష పడాలా వద్దా అన్నది. మన జిల్లా కోర్టుల్లో ఎంవీఓపీ నంబరుతో నడిచేది వేరు. అక్కడి ప్రశ్న జరిగిన నష్టాన్ని ఎవరు భరించాలన్నది. మొదటిదాంట్లో నేరం సందేహానికి తావులేకుండా రుజువు కావాలి. రెండోదాంట్లో ఏది జరిగి ఉండటానికి ఎక్కువ ఆస్కారం ఉందో తేలితే చాలు. క్రిమినల్ కేసు కొట్టేశారు కాబట్టి పరిహారమూ రాదనుకుని ఊరుకునే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. అది సరికాదని సుప్రీంకోర్టు 1980లోనే ఎన్.కె.వి. బ్రదర్స్ కేసులో చెప్పింది. అక్కడ బస్సు డ్రైవరు క్రిమినల్ కేసులో నిర్దోషిగా బయటపడ్డాడు, అయినా పరిహారం ఆగలేదు.

ఎంవీఓపీలో బాధితుడు నాలుగు ప్రశ్నలు దాటాలి. ఎదుటివాడికి నాపట్ల జాగ్రత్తగా ఉండాల్సిన బాధ్యత ఉందా? ఆ బాధ్యత తప్పాడా? తప్పడం వల్లే నాకు దెబ్బ తగిలిందా? ఆ దెబ్బ వల్ల నాకు కలిగిన నష్టం ఎంత? నాలుగింటిలో ఏ ఒక్కదానికి జవాబు లేకపోయినా నిర్లక్ష్యం మీద కట్టిన కేసు నిలవదు.

రోడ్డు మీద మొదటి ప్రశ్నకు పెద్దగా వాదన ఉండదు. బ్రిటన్‌లో 1932లో డొనోహ్యూ కేసులో లార్డ్ అట్కిన్ వేసిన సూత్రం మన కోర్టులూ పాటిస్తున్నాయి. నేను చేసే పనివల్ల ఎవరికి హాని కలుగుతుందని ముందే ఊహించగలనో, వాళ్ల పట్ల నేను జాగ్రత్తగా ఉండాలి. స్టీరింగ్ పట్టుకున్నవాడు ముందున్నవాళ్లను, వెనకున్నవాళ్లను, దాటుతున్నవాళ్లను ఊహించలేనంటే ఎవరూ నమ్మరు. అయితే ఈ బాధ్యతకూ ఒక హద్దుంది. 1938లో ఎడిన్‌బరోలో నిండు గర్భిణి అయిన ఒక చేపలమ్మే మహిళ ట్రామ్ దిగి తన బుట్ట అందుకుంటోంది. ట్రామ్‌ను దాటి వేగంగా వెళ్లిన మోటారు సైకిలిస్టు కొంత దూరంలో ఒక కారును గుద్ది చనిపోయాడు. ఆమె ప్రమాదాన్ని చూడలేదు, చప్పుడు విన్నది. తర్వాత రోడ్డు మీద నెత్తురు చూసింది. కొన్నాళ్లకు బిడ్డ చనిపోయి పుట్టింది. తన నష్టానికి మోటారు సైకిలిస్టు నిర్లక్ష్యమే కారణమని ఆమె వేసిన దావాను 1942లో హౌస్ ఆఫ్ లార్డ్స్ కొట్టేసింది. కారులో ఉన్నవాళ్ల పట్ల అతను బాధ్యత తప్పిన మాట నిజమే. కానీ కనుచూపులో లేని, ప్రమాదం సోకని చోట నిలబడ్డ ఆమెకు ఇలా హాని కలుగుతుందని అతను ఊహించలేడని న్యాయమూర్తులు అన్నారు. ఈనాటి మనసుకు ఆ తీర్పు కటువుగా తోచవచ్చు. కానీ ఎవరిపట్ల బాధ్యత అన్న ప్రశ్నకు అది గీసిన గీత స్పష్టమైనది. కోయంబత్తూరు కేసులో ఆ గీతతో పని లేదు. వెనక బండి వస్తోందని కారాయనకు తెలిసి ఉండాలి, ముందు బండి ఉందని బస్సాయనకు కనపడుతూనే ఉంది.

రెండో ప్రశ్న దగ్గర అసలు పని మొదలవుతుంది. బాధ్యత తప్పాడా లేదా అన్నది ఆ డ్రైవరు మనసును బట్టి చూడరు. ఆ చోట, ఆ వేగంలో, మామూలు జాగ్రత్త తెలిసిన డ్రైవరు ఏం చేసి ఉండేవాడో దాన్నిబట్టి చూస్తారు. డ్రైవింగ్ నేర్చుకుంటున్న మనిషికి కూడా అదే కొలత అని ఇంగ్లండ్ కోర్టు 1971లో నెటిల్‌షిప్ కేసులో చెప్పింది. నేర్చుకుంటున్నాను కాబట్టి తక్కువ జాగ్రత్త చాలునంటే దెబ్బ తిన్నవాడికి ఒరిగేదేమీ లేదు కదా.

కారాయన విషయంలో ఈ కొలత ఎలా పనిచేసిందో చూడండి. భార్యకు వికారంగా ఉంటే బండి ఆపాలనుకోవడంలో తప్పులేదు. మామూలు డ్రైవరైతే ఇండికేటరు వేసి, వేగం తగ్గించుకుంటూ, ఎడమ పక్కకు తీసి ఆపుతాడు. హైవే మధ్యలో సిగ్నలు లేకుండా నిలిపేయడు. సుప్రీంకోర్టు ఆ సంజాయిషీని ఏ కోణంలోనూ సమంజసం కాదని తోసిపుచ్చింది. భద్రత కోసం తప్పనిసరైతే తప్ప హఠాత్తుగా బ్రేకు వేయకూడదని, ముందు బండికి తగినంత దూరంలో ఉండాలని అప్పుడు అమల్లో ఉన్న 1989 నాటి రోడ్డు నియమావళిలోనే పక్కపక్క నిబంధనలుగా ఉంది. మొదటిది కారు తప్పింది. రెండోది బస్సు తప్పింది, కుర్రాడూ తప్పాడు.

తగినంత దూరం అంటే ఎంత? గంటకు 50 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 14 మీటర్లు కదులుతుంది. ముందు బండి ఎర్రలైటు కంటపడి, కాలు బ్రేకు మీదికి వెళ్లేసరికి ఒక సెకను ఎలాగూ పోతుంది. అంటే బ్రేకు పట్టుకోవడం మొదలయ్యే లోపే ఒక బస్సు పొడుగుకు మించిన దూరం అయిపోయింది. ఆగడానికి పట్టే దూరం ఆ తర్వాత మొదలవుతుంది. ముందు బండి నంబరు ప్లేటు తీరిగ్గా చదువుకునేంత దగ్గరగా వెంబడించే డ్రైవరు, ఎంత నైపుణ్యం ఉన్నా, ఈ లెక్కను దాటలేడు. అందుకే హఠాత్తుగా ఆగిన బండిని వెనకనుంచి గుద్దినప్పుడు గుద్దినవాడి మీద కూడా కొంత వాటా పడుతుంది.

ఇక మూడో ప్రశ్న. నా ఉద్దేశంలో మన ట్రిబ్యునళ్లలో ఎక్కువ అన్యాయం జరిగేది ఇక్కడే.

తప్పు చేయడం వేరు, ఆ తప్పు వల్ల హాని జరగడం వేరు. రెండింటినీ కలిపే లంకెను బాధితుడు తన వైపు నుంచి చూపించాలి. బీమా కంపెనీ బాధితుడిదీ తప్పుందని వాదిస్తే, అదే లంకెను కంపెనీ చూపించాలి. పరీక్ష సులువైనదే. ఆ తప్పు జరగకపోయి ఉంటే ఈ దెబ్బ తగిలేదా? కారు ఆగకపోయి ఉంటే కుర్రాడు పడేవాడు కాదు. కాబట్టి కారు తప్పుకీ దెబ్బకీ లంకె ఉంది. బస్సు దూరం పాటించి ఉంటే అతను పడినా కాలు మిగిలేది. కాబట్టి బస్సుకీ లంకె ఉంది. కుర్రాడు ఇంకాస్త వెనక ఉండి ఉంటే ఆపుకునేవాడు, అదీ లంకే.

కారు తరఫున ఒక వాదన సహజంగా వస్తుంది. కాలు పోయింది బస్సు చక్రం కింద, మా బండి కింద కాదు, కాబట్టి మధ్యలో బస్సు వచ్చి మా లంకెను తెంపేసింది అని. ట్రిబ్యునల్ కారును వదిలేయడంతో ఫలితం ఈ వాదన నెగ్గినట్టే అయింది. కానీ రద్దీ హైవే మీద ఒక మనిషిని కింద పడేస్తే వెనక వచ్చే బండి అతని మీదికి ఎక్కడం అనూహ్యమేమీ కాదు. బ్రేకు వేసిన క్షణంలో ఊహించాల్సిన ప్రమాదమే అది. మధ్యలో వచ్చిన సంఘటన మొదటి తప్పు నుంచి సహజంగా పుట్టుకొచ్చినదైతే లంకె తెగదు. సుప్రీంకోర్టు ఆ హఠాత్తు బ్రేకునే ప్రమాదానికి మూలకారణంగా చూసి, సగం బాధ్యత కారు మీద పెట్టింది. ఆ నిర్ణయం నాకు సబబుగానే కనిపిస్తుంది.

నాకు అభ్యంతరం ఉన్నది ఇంకొక మాట మీద. కుర్రాడి వంతు 20 శాతానికి కోర్టు రెండు కారణాలు చెప్పింది. ముందు బండికి తగిన దూరం పాటించకపోవడం ఒకటి, చెల్లుబాటయ్యే లైసెన్సు లేకపోవడం రెండోది. మొదటిదానికి లంకె ఉందని పైన చూశాం. రెండోదానికి ఏది? జేబులో లైసెన్సు ఉన్నంత మాత్రాన కారు ఆగకుండా ఉండదు, బస్సు నెమ్మదించదు. లైసెన్సు లేకుండా బండి నడపడం నేరమే, దానికి వేరే శిక్ష ఉంది. కానీ లైసెన్సు లేనివాడు ఆ క్షణంలో సరిగ్గా నడుపుతూ ఉండవచ్చు, లైసెన్సు ఉన్నవాడు తప్పుగా నడుపుతూ ఉండవచ్చు. ఈ మాట చెప్పిందీ సుప్రీంకోర్టే. లైసెన్సు లేకుండా స్కూటర్ నడిపిన ఒక మైనరు కేసులో 2008లో, లైసెన్సు లేకపోవడం ఒక్కటే నిర్లక్ష్యానికి రుజువు కాదని తేల్చింది. 2018లో ఇంకో కేసులోనూ అదే వైఖరి తీసుకుంది. అలాంటప్పుడు ఈ 20 శాతంలో దూరం వాటా ఎంత, లైసెన్సు వాటా ఎంత? తీర్పు విడదీసి చెప్పలేదు. కింది కోర్టుల్లో దీన్ని చూపించి, లైసెన్సు లేదు కాబట్టి 20 శాతం కోయండి అని అడిగే బీమా వకీళ్లు రేపు ఉండరని చెప్పలేం.

ముగ్గురెక్కిన బండి సంగతి దీనికన్నా తేటగా ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 128వ సెక్షను ప్రకారం బండి మీద వెనక ఒక్కరే కూర్చోవాలి. 2020 జనవరిలో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన మహమ్మద్ సిద్దిఖ్ కేసులో చనిపోయిన యువకుడు మరో ఇద్దరితో కలిసి ఒకే మోటారు సైకిల్ మీద వెళుతున్నాడు. వెనకనుంచి వచ్చిన కారు గుద్దింది. ముగ్గురెక్కారు కాబట్టి పదిశాతం తగ్గిస్తున్నామని హైకోర్టు అంది. సుప్రీంకోర్టు ఆ కోతను తీసేసింది. ముగ్గురెక్కడం చట్టాన్ని ఉల్లంఘించడమే. అయితే ముగ్గురుండటం వల్ల బండి అదుపు తప్పిందనో, ఇద్దరే ఉండి ఉంటే గుద్దుకోవడం తప్పేదనో, దెబ్బ తక్కువయ్యేదనో సాక్ష్యం ఉండాలి. అది లేనప్పుడు ఉల్లంఘన ఒక పక్క, ప్రమాదం ఒక పక్క మిగిలిపోతాయి. అదే బండి మలుపులో ముగ్గురి బరువుకు తూలి ఎదురుగా వస్తున్న లారీ వైపు పోయి ఉంటే జవాబు మారిపోయేది. రూలు ఒకటే, లంకె వేరు.

హెల్మెట్ విషయంలో ఇంకొంచెం మెలిక ఉంది. హెల్మెట్ లేకపోవడం ప్రమాదానికి కారణం కాదు, కానీ దెబ్బ పెద్దది కావడానికి కారణం కావచ్చు. ఇంగ్లండ్‌లో సీటు బెల్టు గురించి 1975లో ఫ్రూమ్ కేసులో లార్డ్ డెన్నింగ్ దీన్ని ఒక క్రమంలో పెట్టాడు. బెల్టు ఉంటే ఆ గాయమే తగిలేది కాదంటే పరిహారంలో 25 శాతం కోత. గాయం చాలావరకు తగ్గి ఉండేదంటే 15 శాతం. ఉన్నా లేకున్నా అదే గాయమంటే కోత లేదు. ఇదే తర్కాన్ని మన కోయంబత్తూరు కుర్రాడికి పెట్టి చూడండి. పోయింది కాలు. హెల్మెట్ లేదనుకున్నా కాలి నష్టంలో ఒక్క రూపాయి తగ్గించడానికి కారణం ఉండదు. అదే తలకు గాయమై ఉంటే డాక్టరును బోనెక్కించి అడగాల్సిన ప్రశ్న అది.

నాలుగో ప్రశ్న, నష్టం. ఇక్కడ అందరూ పొరబడేది వికలాంగత ధ్రువపత్రం దగ్గర. మెడికల్ బోర్డు 70 శాతం అని రాస్తే 70 శాతం సంపాదన పోయినట్టు కాదు. 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ రెండింటినీ విడదీసింది. డాక్టరు చెప్పేది శరీరం సంగతి. ట్రిబ్యునల్ తేల్చాల్సింది ఆ శరీరంతో ఆ మనిషి తన పని చేసుకోగలడా అన్నది.

34 ఏళ్ల తాపీమేస్త్రీకి మోకాలి కింద కాలు పోయిందనుకుందాం. నెలకు 18 వేలు సంపాదించేవాడు. 40 ఏళ్లలోపు సొంత పని చేసుకునేవాళ్లకు భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద 40 శాతం కలపాలని 2017 నాటి ప్రణయ్ సేథీ తీర్పు చెబుతోంది. అంటే నెలకు 25,200, ఏడాదికి 3,02,400. ఆ వయసుకు 2009 నాటి సరళా వర్మ తీర్పు ఇచ్చిన గుణకం 16. మొత్తం 48,38,400 రూపాయలు. సారువ కట్టె మీద నిలబడి గోడ కట్టాల్సిన మనిషి ఇక ఆ పని చేయలేడు కాబట్టి ట్రిబ్యునల్ దీన్ని నూరు శాతం నష్టంగా తీసుకోవచ్చు. ఇదే గాయం, ఇదే వయసు, ఇదే ఆదాయం ఉన్న కొట్టు గుమాస్తా కూర్చుని లెక్కలు రాసుకోగలడు. అతనికి సంపాదన నష్టం 30 శాతమే అని తేలితే వచ్చేది 14,51,520. వైద్యం ఖర్చులు, కృత్రిమ కాలు, తోడుమనిషి ఖర్చు, పడిన బాధకు ఇచ్చేది వీటికి అదనం.

ఇప్పుడు మేస్త్రీ మొత్తం మీద 20 శాతం కోత వేసి చూడండి. 9,67,680 రూపాయలు పోతాయి. తీర్పులో ఒక్క వాక్యంతో, కొన్నిసార్లు ఆ వాక్యమూ లేకుండా, పోయే డబ్బు అది. వేసిన ప్రతి శాతానికీ, ఈ పని చేయకుండా ఉంటే ఈ గాయం ఇలా తప్పేది అని ఒక వాక్యం రాయాలనే నియమం ట్రిబ్యునళ్లు తమకు తాము పెట్టుకుంటే చాలా కోతలు అక్కడే ఆగిపోతాయి. ఆ వాక్యం రాయడానికి కావాల్సిన సామగ్రి కూడా ఫైల్లోనే ఉండాలి. పోలీసులు గీసిన ఘటనాస్థల నక్షాలో బండ్లు ఎక్కడెక్కడ ఆగాయి, బ్రేకు గీతలు ఎంత పొడుగున్నాయి, రోడ్డుకు ఏ పక్కన మనిషి పడ్డాడు అన్నవి ఉంటే దూరం, వేగం మాటలకు ఆధారం దొరుకుతుంది. మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టరు రిపోర్టులో ఏ బండికి ముందు దెబ్బ, దేనికి వెనక దెబ్బ అన్నది ఉంటుంది. ఎఫ్ఐఆర్‌లో ఎవరి పేరు రాశారన్న దానికన్నా ఈ రెండు కాగితాలు నిజం చెబుతాయి. కానీ చాలా కేసుల్లో ఎఫ్ఐఆర్, చార్జిషీటు దాఖలు చేసి వీటిని వదిలేస్తారు.

నిర్లక్ష్యం నిరూపించలేనివాళ్లకు చట్టంలో ఇంకో దారి ఉంది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 164వ సెక్షను కింద ఎవరి తప్పూ నిరూపించకుండానే మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు వస్తాయి. మేస్త్రీ లెక్కతో పోల్చుకుంటే ఆ మొత్తం ఎంత చిన్నదో తెలుస్తుంది. అందుకే నాలుగు ప్రశ్నల దారి ఎంత పొడుగైనా జనం దాన్నే పట్టుకుంటారు.

ఆ దారిలో బండి వెనక కూర్చున్నవాళ్ల పరిస్థితి మెరుగ్గా ఉంటుంది. కోయంబత్తూరు లాంటి ప్రమాదంలో వెనక కూర్చున్న స్నేహితుడి కాలు పోయిందనుకోండి. బండి నడిపింది అతను కాదు, దూరం పాటించాల్సిందీ అతను కాదు. నడిపినవాడి 20 శాతం తప్పు అతని లెక్కలోకి రాదు. అతని దృష్టిలో కారు, బస్సు, మోటారు సైకిలు ముగ్గురూ కలిసి తనకు హాని చేసినవాళ్లే. అలాంటి బాధితుడు మొత్తం పరిహారాన్ని ఆ ముగ్గురిలో ఎవరి దగ్గరినుంచైనా వసూలు చేసుకోవచ్చని సుప్రీంకోర్టు 2015లో ఖెన్యే కేసులో చెప్పింది. ఎవరి వాటా ఎంతన్నది వాళ్లలో వాళ్లు తేల్చుకోవాలి. అందరినీ ప్రతివాదులుగా చేర్చి ఉంటే ట్రిబ్యునలే వాటాలు నిర్ణయిస్తుంది, ఎక్కువ చెల్లించిన కంపెనీ మిగతావాళ్ల నుంచి అదే కేసులో రాబట్టుకోవచ్చు. చేర్చకపోతే ఆ కంపెనీ వేరే దావా వేసుకోవాలి.

నడిపినవాడికి మాత్రం ఆ వెసులుబాటు లేదు. అతని కేసులో వాటాలు కచ్చితంగా తేలాలి, తేలాలంటే వాటా ఉన్నవాళ్లంతా కోర్టు ముందు ఉండాలి. కాలు నలిపింది బస్సే కదా అని పిటిషన్‌లో బస్సు యజమానిని, దాని బీమా కంపెనీని మాత్రమే చేర్చి ఊరుకునే వకీళ్లు తక్కువేమీ కాదు. ఆ విద్యార్థి అలా చేసి ఉంటే సగం బాధ్యత మోయాల్సిన కారు బీమా కంపెనీ మీద ఆదేశం ఇవ్వడానికి ఏ కోర్టుకూ వీలుండేది కాదు.